ఎగిరే రూపాయి చెప్పే అబద్ధం: స్లైడ్‌లో కదలిక ఎక్కడ అవసరం, ఎక్కడ అడ్డం

యూపీఐ చెల్లింపు ఎలా జరుగుతుందో వివరించే ప్రెజెంటేషన్లలో ఒక స్లైడ్ తరచుగా ఎదురవుతుంది. ఎడమ పక్క ఒక ఫోను, కుడి పక్క ఇంకో ఫోను ఉంటాయి. క్లిక్ చేయగానే బంగారు రంగు రూపాయి నాణెం ఎడమ ఫోనులోంచి లేచి, గిర్రున తిరుగుతూ గాల్లో వంపు తీసుకుని కుడి ఫోనులో పడుతుంది. పడగానే ఒక పచ్చ టిక్కు మెరుస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, చేసినవాళ్లకి గంటసేపు పట్టి ఉంటుంది కూడా. చిక్కల్లా అది చెప్పేదాంట్లో దాదాపు ఏదీ నిజం కాకపోవడమే.

డబ్బు ఫోనులో ఉండదు, ఫోను నుంచి ఫోనుకి పోదు. ఆ నాణెం ఒకే ప్రయాణం చేసినట్టు కనిపిస్తుంది గానీ, వెనకాల జరిగేది ప్రశ్నలు, జవాబుల వరస. ఇవన్నీ సరే, సరళంగా చెప్పడం కోసం అనుకోవచ్చు. మూడో తప్పు మాత్రం అలా సర్దుకునేది కాదు. ఒకరి ఖాతాలో తగ్గడం, ఇంకొకరి ఖాతాలో పెరగడం ఒకే సంఘటన అని ఆ స్లైడ్ నమ్మబలుకుతుంది. నిజానికి అవి రెండు వేర్వేరు బ్యాంకుల్లో, ఒకదాని తర్వాత ఒకటి జరిగే రెండు పనులు. "డబ్బు కట్ అయింది, అవతలివాళ్లకి రాలేదు" అనే ఫిర్యాదు పుట్టేది సరిగ్గా ఆ రెండింటి మధ్యలోనే. నాణెం ఎగిరిన స్లైడ్‌లో ఆ మధ్యకి చోటే లేదు.

స్లైడ్ మీద ఏది కదిలినా చూసేవాళ్లు దాన్ని సమాచారంగానే తీసుకుంటారు. ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలింది, దేని తర్వాత ఏది కదిలింది, ఏవేవి కలిసి కదిలాయి అన్నవన్నీ వాళ్ల మనసులో ఆ ప్రక్రియ గురించిన వాస్తవాలుగా నమోదవుతాయి. అందుకే యానిమేషన్ పొదుపుగా వాడటమంటే ఎఫెక్టుల సంఖ్య తగ్గించడం ఒక్కటే సరిపోదు. ప్రక్రియలో నిజంగా ఏదైనా మారిన చోట మాత్రమే తెర మీద ఏదైనా మారాలి. ఈ నియమాన్ని పై యూపీఐ ఉదాహరణ మీదే మొదటి నుంచి చివరిదాకా పెట్టి చూడొచ్చు.

ఒక బ్యాంకు శాఖలో కౌంటర్ సిబ్బందికి శిక్షణ ఇస్తున్నారనుకుందాం. ఖాతాదారు వచ్చి డబ్బు ఎక్కడ ఆగిందని అడిగితే వాళ్లు తడుముకోకుండా చెప్పగలగాలి. ముందు అసలు వరస చూద్దాం. పంపేవాళ్లు యాప్‌లో అవతలివాళ్ల యూపీఐ అడ్రస్, మొత్తం, పిన్ ఇస్తారు. పిన్ ఫోనులోనే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, యాప్ కంపెనీకి అది కనిపించదు. ఆ అభ్యర్థన యాప్ వెనకున్న బ్యాంకు ద్వారా, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ స్విచ్‌కి, అంటే బ్యాంకుల మధ్య సందేశాలు చేరవేసే కేంద్ర వ్యవస్థకి చేరుతుంది. ఈ అడ్రస్ ఏ ఖాతాది అని స్విచ్ అందుకునేవాళ్ల వైపు అడిగి తెలుసుకుంటుంది. తర్వాత పంపేవాళ్ల బ్యాంకుని డెబిట్ చేయమంటుంది. ఆ బ్యాంకు పిన్ సరిచూసి, బ్యాలెన్స్ చూసి, తగ్గించి, "అయింది" అని జవాబిస్తుంది. అది వచ్చాకే స్విచ్ అందుకునేవాళ్ల బ్యాంకుని జమ చేయమంటుంది. అక్కడి నుంచీ జవాబు వచ్చాక ఫలితం రెండు వైపులా వెళుతుంది. బ్యాంకులు ఒకదానికొకటి ఇచ్చుకోవాల్సిన అసలు డబ్బు లెక్క రోజులో కొన్ని విడతలుగా, రిజర్వ్ బ్యాంకు దగ్గరున్న ఖాతాల ద్వారా విడిగా తేలుతుంది. అది ఈ కథలో లేదు, ఈ స్లైడ్‌లోనూ ఉండకూడదు.

ఇక స్లైడ్ సంగతి. మొదటి ప్రలోభం పెట్టెల దగ్గరే మొదలవుతుంది. యాప్, స్విచ్, రెండు బ్యాంకులు, అవతలి యాప్, మొత్తం అయిదు పెట్టెలు. వీటిని ఒక్కొక్కటిగా ఎడమ నుంచి దూసుకొచ్చేలా `Fly In` పెట్టాలనిపిస్తుంది. పెట్టకూడదు. ఈ అయిదూ చెల్లింపు మొదలవకముందు నుంచీ ఉన్నవే, ప్రక్రియలో అవి పుట్టవు, చావవు. వాటిని ఎగిరించి తీసుకొస్తే ప్రేక్షకుల చూపు అయిదు సార్లు ఏమీ లేని దాని వైపు లాగినట్టవుతుంది. అంతకన్నా నష్టం ఇంకోటుంది. చోట్లు ముందే తెలిసి ఉంటే, తర్వాత బాణం బయల్దేరినప్పుడు అది ఎక్కడికి పోతోందో కంటికి ముందే అంచనా ఉంటుంది. పెట్టెలు కూడా ఒక్కొక్కటే వస్తుంటే ప్రతిసారీ స్లైడ్ అంతా కొత్తగా చదువుకోవాలి. కాబట్టి స్లైడ్ తెరుచుకునేసరికే అయిదు పెట్టెలూ లేత బూడిద రంగులో తమ తమ చోట్ల ఉండాలి. స్విచ్ నడుమ, పంపేవాళ్ల వైపువి ఎడమ, అందుకునేవాళ్ల వైపువి కుడి. ఇక అక్కడి నుంచి ఏ పెట్టే కదలదు.

కదిలేవి సందేశాలు మాత్రమే. వాటిని చూపడానికి బాణానికి `Wipe` అనే ఎఫెక్ట్ ఒక్కటి చాలు. బాణం తోక దగ్గర మొదలై మొన దాకా గీసుకుంటూ వెళ్లినట్టు కనిపిస్తుంది. పవర్‌పాయింట్‌లో `Wipe` పెట్టగానే దిశ `From Bottom` అని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే అడ్డంగా ఉన్న బాణం గీత మొత్తం ఒక్కసారిగా కింది నుంచి పైకి తేలినట్టు వస్తుంది, ఎటు పోతోందన్న సంగతే పోతుంది. ఎడమ నుంచి కుడికి పోయే బాణానికి `From Left`, కుడి నుంచి ఎడమకి పోయే బాణానికి `From Right` అని విడివిడిగా మార్చాలి. కాపీ చేసి తిప్పిన బాణాల్లో ఇది చాలామంది మరిచిపోతారు. జవాబు బ్యాంకు నుంచి రావాల్సింది పోయి స్విచ్ నుంచే మొన ముందు, తోక వెనక పుట్టుకొస్తుంది. తయారుచేసినవాళ్లకి ఆ తేడా తెలీదు, ఎందుకంటే వాళ్లకి దిశ ముందే తెలుసు. ఎంతసేపు గీయాలన్న దానికి అర సెకను సరిపోతుంది. రెండు సెకన్లు పెడితే మాట్లాడేవాళ్లు బాణం కోసం ఆగాల్సి వస్తుంది.

ఇక ఎప్పుడు మొదలవ్వాలన్నది. పవర్‌పాయింట్ ఇచ్చే `On Click`, `With Previous`, `After Previous` అనే మూడింటినీ చాలామంది చేతి సౌకర్యంగా చూస్తారు. నిజానికి ఇవి ప్రక్రియ గురించి మూడు వేర్వేరు మాటలు చెబుతాయి. `With Previous` పెడితే "ఈ రెండూ కలిసి జరుగుతాయి" అని. చివర ఫలితం రెండు యాప్‌లకీ వెళ్లే బాణాలకి అది సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే ఒకటి రెండోదాని కోసం ఆగాల్సిన పని లేదు. `After Previous` అంటే "మొదటిది అవగానే రెండోది దానంతటదే అవుతుంది, మధ్యలో చెప్పుకోవాల్సిందేమీ లేదు" అని. ఈ అడ్రస్ ఎవరిదని అడగడం, జవాబు రావడం అలాంటి జంట. కౌంటర్ సిబ్బందికి అక్కడ ఆగి తెలుసుకోవాల్సింది తక్కువ కాబట్టి ఒకే క్లిక్‌లో పోనివ్వచ్చు. మిగతా అన్నిటికీ `On Click`.

వరస మొత్తాన్నీ `After Previous`తో గొలుసుకట్టు చేసి వదిలేయడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. ఇంట్లో రిహార్సల్‌లో మాట, బొమ్మ చక్కగా కలుస్తాయి. హాల్లో ఎవరో ఒక ప్రశ్న అడుగుతారు, మాట్లాడేవాళ్లు అటు తిరిగి జవాబు చెప్పేలోపు తెర మీద డబ్బు జమ కూడా అయిపోతుంది. అప్పటి నుంచి వక్త స్లైడ్ వెనక పరిగెడతారు. అదీగాక, గొలుసులో ప్రతి అడుగూ సమానంగా అర సెకనే తీసుకుంటుంది కాబట్టి అన్ని అడుగులూ ఒకే బరువు ఉన్నవన్న భావం కలుగుతుంది. ఈ ప్రక్రియలో అవి సమానం కావు. ఒక అడుగు దగ్గర మిగతా అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడాలి.

అది డెబిట్ అయ్యాక, జమ కాకముందు ఉండే స్థితి. దాన్ని చూపడానికి రెండు బ్యాంకు పెట్టెల్లో ఒక్కో బ్యాలెన్స్ అంకె ఉంచితే చాలు. పంపేది ₹500 అనుకుంటే, ఎడమ బ్యాంకులో ₹5,000, కుడి బ్యాంకులో ₹2,000తో మొదలుపెట్టొచ్చు. డెబిట్ బాణం బ్యాంకుని తాకిన తర్వాతి క్లిక్‌లో ఎడమ అంకె ₹4,500 అవుతుంది, "అయింది" అనే జవాబు బాణం స్విచ్ వైపు వెళుతుంది. కుడి పక్క ఇంకా ₹2,000 అలాగే ఉంది. ఇక్కడ తెర మీద ఏదీ కదలకూడదు. మెరిసే అంచులు వద్దు, తిరిగే గడియారం వద్దు, వణికే ఆశ్చర్యార్థకం వద్దు. ఒక నిమిషం ఈ నిశ్చల చిత్రం ముందు నిలబడి, "ఖాతాదారు మన కౌంటర్ దగ్గరికి వచ్చేది ఈ బొమ్మతోనే" అని చెప్పాలి. ఇప్పటిదాకా కదిలిన ప్రతిదానికీ అర్థం ఉంది కాబట్టి, కదలిక ఆగిపోవడానికి కూడా ఇప్పుడు అర్థం వస్తుంది. అదే మొదటి నుంచీ స్లైడ్ అంతా ఎగిరి గంతులేసి ఉంటే ఈ ఆగడం ఎవరికీ తెలియదు.

ఇక్కడి నుంచి కథ రెండుగా చీలుతుంది, దాన్ని రెండు వేర్వేరు స్లైడ్‌లలో చెప్పడం మంచిది. మామూలు దారిలో జమ అభ్యర్థన వెళుతుంది, కుడి అంకె ₹2,500 అవుతుంది, జవాబు వస్తుంది, ఫలితం రెండు వైపులా పోతుంది. చెడిన దారిలో జమ అభ్యర్థన బాణం కుడి బ్యాంకు దాకా వెళుతుంది, తిరుగు బాణం రాదు. దీనికోసం విరిగిపోయే బాణం, పేలిపోయే మేఘం లాంటివి అక్కర్లేదు. క్లిక్ చేస్తే ఏమీ రాకపోవడమే ఆ ఘటనకి సరైన చిత్రం. ఆ తర్వాత కుడి బ్యాలెన్స్ స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టాలి, ఎందుకంటే స్విచ్‌కి ఆ క్షణంలో నిజంగానే తెలియదు. జమ అయి జవాబు దారిలో పోయిందో, జమే కాలేదో రెండూ సాధ్యమే. అక్కడ ఎర్రని ఇంటూ గుర్తు పెడితే మళ్లీ అబద్ధం. ఖాతాదారుకి "మీ డబ్బు పోలేదు, జమ కాలేదు" అని సిబ్బంది తొందరపడి చెప్పేది ఇలాంటి ఇంటూ గుర్తులు చూసే. గడువులు మాత్రం మామూలు అక్షరాల్లో కింద ఉంచితే చాలు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ ఉత్తర్వు ప్రకారం వ్యక్తుల మధ్య బదిలీలో జమ కాకపోతే మర్నాటికల్లా డబ్బు వెనక్కి రావాలి, దుకాణదారుకి చేసిన చెల్లింపులో నిర్ధారణ అందకపోతే అయిదు రోజుల్లోగా రావాలి. దాటితే రోజుకి ₹100 పరిహారం. ఈ అంకెల్ని ఎగిరిస్తే ఎవరూ ఎక్కువ గుర్తుంచుకోరు.

అంకె మారడం గురించి ఇంకాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ట్రాన్సిషన్ల మీద అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది. ₹5,000 కాస్తా ₹4,500 కావడం చాలా చిన్న మార్పు. అది ఉన్నచోటే, మిగతా స్లైడ్ అంతా నిశ్చలంగా ఉండగా జరిగితే కన్ను ఠక్కున పట్టేస్తుంది. అదే మార్పుని రెండు స్లైడ్‌ల మధ్య పెట్టి, నడుమ పేజీ తిరిగినట్టో, తెర చిరిగినట్టో ఒక ట్రాన్సిషన్ వేస్తే చాలామందికి అంకె మారిన సంగతే తెలియదు. దృష్టి మీద పరిశోధించే రొనాల్డ్ రెన్సింక్, ఆయన సహచరులు 1997లో చేసిన ప్రయోగాలు ఈ విషయం మీదే. ఒక ఫొటో, కాస్త మార్చిన అదే ఫొటో మార్చి మార్చి చూపిస్తూ, మధ్యలో క్షణకాలం ఖాళీ తెర పెడితే, పెద్ద పెద్ద తేడాలు కనిపెట్టడానికి కూడా జనానికి చాలాసేపు పట్టింది. ఖాళీ తెర తీసేస్తే అదే తేడా వెంటనే కనిపించింది. మార్పు జరిగిన చోట మాత్రమే చలనం ఉంటే చూపు అటు పోతుంది. తెర అంతటా ఒకేసారి చలనం వస్తే అసలు మార్పు అందులో కలిసిపోతుంది. ఆడంబరమైన ట్రాన్సిషన్ చేసేది అచ్చంగా ఆ ఖాళీ తెర పనే.

దీన్నిబట్టి ఒక పద్ధతి దానంతటదే తేలుతుంది. స్థితి మారే ప్రతి అడుగుకీ యానిమేషన్ బదులు స్లైడ్‌నే `Ctrl+D`తో నకలు తీసి, నకలులో మారాల్సిందొక్కటే మార్చి, మధ్యలో ట్రాన్సిషన్ `None` అని ఉంచడం. చూసేవాళ్లకి అది ఒకే స్లైడ్‌లా ఉంటుంది, అంకె మాత్రం మారుతుంది. అయిపోయిన బాణాల్ని బూడిద రంగుకి మార్చి, ఇప్పటి బాణాన్ని మాత్రం ముదురు రంగులో ఉంచడం కూడా ఇలా చేస్తేనే తేలిక. అయితే నకలు తీశాక పెట్టెల్ని చేత్తో జరపకూడదు. ఒక్క పెట్టె రవ్వంత జరిగినా స్లైడ్ మారినప్పుడు అది ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది, చూపు అంకెని వదిలి దాని మీదికి పోతుంది. స్లైడ్‌లని వేగంగా ముందుకీ వెనక్కీ తిప్పి చూస్తే ఇలాంటివి ఇట్టే బయటపడతాయి.

నకళ్ల పద్ధతికి ఇంకో లాభం ప్రెజెంటేషన్ అయిపోయాక తెలుస్తుంది. శిక్షణ తర్వాత అందరూ పీడీఎఫ్ అడుగుతారు, అది వాట్సాప్‌లో తిరుగుతుంది. పీడీఎఫ్‌లో యానిమేషన్ ఉండదు, స్లైడ్ మీద ఉన్న వస్తువులన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ₹5,000 పోయి ₹4,500 వచ్చేలా ఒకే స్లైడ్‌లో యానిమేషన్ పెట్టి ఉంటే, పీడీఎఫ్‌లో రెండు అంకెలూ ఒకదాని మీద ఒకటి పడి ఏదీ చదవలేని మచ్చ అవుతుంది. బాణాలన్నీ కలిసి సాలెగూడు అవుతాయి. నకళ్లలో మాత్రం ప్రతి అడుగూ ఒక పేజీగా మిగులుతుంది. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసినప్పుడూ అంతే. నెట్ కాస్త మందగిస్తే మెత్తగా సాగాల్సిన కదలిక మూడు నాలుగు గంతులుగా అవతలికి చేరుతుంది. ఉన్నపళంగా మారే స్లైడ్ మాత్రం ఆలస్యంగా వచ్చినా చెడకుండా వస్తుంది. ఎవరైనా "ఆ డెబిట్ దగ్గరికి మళ్లీ వెళ్లండి" అంటే స్లైడ్ నంబర్ టైప్ చేసి `Enter` నొక్కితే అక్కడికి దూకొచ్చు. యానిమేషన్లతో నిండిన స్లైడ్‌కి అలా దూకితే అది మొదటి నుంచి మొదలవుతుంది, అయిదారు క్లిక్‌లు కొట్టుకుంటూ రావాలి. అలా కొట్టేటప్పుడు హాల్లో వినిపించే నిట్టూర్పులు అందరికీ తెలిసినవే.

అయితే ట్రాన్సిషన్ ఏదీ వాడొద్దని కాదు. ఈ కథలో ఒక చోట అది నిజంగా పనికొస్తుంది. డెబిట్ అభ్యర్థన వచ్చాక బ్యాంకు లోపల ఏం జరుగుతుందో విడమర్చాలి: పిన్ సరిపోయిందా, బ్యాలెన్స్ ఉందా, రోజు పరిమితి దాటిందా. ఇది పెద్ద బొమ్మలోని ఒక పెట్టె లోపలికి వెళ్లడం. దీన్ని వేరే స్లైడ్‌గా ఉన్నట్టుండి చూపిస్తే, ఇప్పుడు చూస్తున్నది రెండు బ్యాంకుల్లో ఏ బ్యాంకు లోపలో మరిచిపోతారు. ఇక్కడ, రెండు స్లైడ్‌ల మధ్య ఉన్న తేడాని కదలికగా చూపే `Morph` అనే ట్రాన్సిషన్ వాడొచ్చు. స్లైడ్ నకలు తీసి, ఎడమ బ్యాంకు పెట్టెని తెర నిండేంత పెద్దది చేసి, మిగతా పెట్టెల్ని ఏ దిక్కున ఉన్నవి ఆ దిక్కుకి స్లైడ్ అంచు బయటికి జరిపితే, కెమెరా ఆ పెట్టె దగ్గరికి వెళ్లినట్టు కనిపిస్తుంది. చెప్పడం అయ్యాక అదే దారిలో వెనక్కి రావాలి. వచ్చేటప్పుడు వేరే ఎఫెక్ట్ వేస్తే వెళ్లినప్పుడు సంపాదించిన స్థల జ్ఞానం పోతుంది. మామూలుగా రెండు సెకన్లు ఉండే దాని నిడివిని ఒక సెకనుకి తగ్గిస్తే మాటకి అడ్డం రాదు.

`Morph` దెబ్బతినే తీరు కూడా తెలిసి ఉండాలి. రెండు స్లైడ్‌లలో ఏ వస్తువు ఏదో అది తనే పోల్చుకుంటుంది. నకలు తీసి జరిపితే పోలిక సరిగ్గా కుదురుతుంది. పెట్టెని తొలగించి మళ్లీ గీస్తే తప్పుతుంది, రెండు బ్యాంకుల పెట్టెలూ ఒకే ఆకారం, ఒకే పరిమాణం అయితే మరీను. అప్పుడు ఎడమ బ్యాంకు కుడి బ్యాంకు చోటికీ, కుడిది ఎడమ చోటికీ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. ఈ స్లైడ్‌లో అంతకన్నా ఘోరమైన కదలిక ఉండదు, ఎందుకంటే డబ్బు తీసే బ్యాంకు, వేసే బ్యాంకు తారుమారైనట్టు చూపిస్తుంది. `Alt+F10` నొక్కితే వచ్చే జాబితాలో రెండు స్లైడ్‌లలోనూ ఆ పెట్టెకి `!!bank1` అని ఒకే పేరు పెడితే పోలిక తప్పదు, పేరుకి ముందు ఆ రెండు ఆశ్చర్యార్థకాలు ఉండాలి. పాత వెర్షన్లలో `Morph` బదులు మామూలు `Fade` వస్తుంది. కాబట్టి హాల్లో ఉన్న కంప్యూటర్ ఏదో తెలియకపోతే అది లేకపోయినా కథ అర్థమయ్యేలా పెట్టె పేరుని పెద్ద స్లైడ్ పైభాగాన రాసి ఉంచడం మంచిది.

ఇంత పొదుపు అన్ని ప్రక్రియలకీ సరిపోతుందా అంటే, సరిపోదు. యూపీఐ చెల్లింపు విడి విడి అడుగులుగా నడిచేది. ఒక సందేశం వెళుతుంది, ఒకటి వస్తుంది, మధ్య దారిలో తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ అలా కాదు. పిస్టన్ దిగుతుంటే అదే సమయంలో ఇన్‌టేక్ వాల్వ్ ఏ మేరకు తెరుచుకుని ఉందన్నది సాగుతున్న కదలికలోనే ఉంది. అక్కడ నిజమైన యానిమేషన్‌కి చోటుంది. అప్పుడైనా ఆపే మీట వక్త చేతిలో ఉండాలి. మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా ట్వెర్స్కీ, ఆమె సహచరులు 2002లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్ని పరిశీలించి తేల్చింది కూడా ఇలాంటిదే. యానిమేషన్ గెలిచినట్టు కనిపించిన చాలా చోట్ల, నిశ్చల చిత్రంలో లేని అదనపు సమాచారం యానిమేషన్‌లో ఉంది, అంటే పోటీయే సమానంగా జరగలేదు. పైగా కదలిక చాలాసార్లు కంటికి అందనంత వేగంగా, చిక్కుగా ఉంటోంది. సాగిపోయే పనుల్ని కూడా మనుషులు మనసులో అడుగులుగానే విడగొట్టుకుంటారన్నది వాళ్లు ఎత్తి చూపిన ఇంకో విషయం.

కాలంతో మారే గణాంకాలు చూపేటప్పుడు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్ 2006లో దేశాలని బుడగలుగా చేసి, ఏళ్లు గడుస్తుంటే అవి తెర మీద కదిలేలా చూపించి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నారు. ఆ తర్వాత 2008లో పరిశోధకుడు జార్జ్ రాబర్ట్‌సన్ బృందం అలాంటి కదిలే బుడగల్ని, అదే సమాచారాన్ని కదలకుండా చూపే చిత్రాలతో పోల్చి చూసింది. జనానికి కదిలేవే సరదాగా అనిపించాయి, ప్రెజెంటేషన్‌గా చూపినప్పుడు జవాబులు వేగంగా కూడా ఇచ్చారు, కానీ తప్పులు ఎక్కువ చేశారు. సొంతంగా విశ్లేషించుకోవాల్సి వచ్చినప్పుడు కదిలే రూపమే అన్నిటికన్నా వెనకబడింది. రోస్లింగ్ విషయంలో మరిచిపోకూడనిది ఒకటుంది. బుడగలు కదులుతున్నంతసేపూ ఆయన ఎటు చూడాలో పొడుగు కర్రతో, మాటతో చెబుతూనే ఉండేవారు. కర్ర లేకుండా బుడగల్ని మాత్రం అరువు తెచ్చుకున్న స్లైడ్‌లే ఎక్కువ.

తయారైన స్లైడ్‌లని పరీక్షించడానికి పవర్‌పాయింట్‌లోనే ఒక సాధనం ఉంది, దాన్ని వాడేవాళ్లు తక్కువ. `Slide Show` ట్యాబ్‌లో `Set Up Slide Show` తెరిచి `Show without animation` మీద టిక్కు పెట్టి, మొత్తం ప్రసంగం ఒకసారి గట్టిగా చెప్పి చూడాలి. యానిమేషన్ లేకపోయినా మాట ఎక్కడా తడబడకపోతే, అక్కడున్న ఎఫెక్ట్ తీసేయొచ్చు. ఎక్కడైతే "ఇప్పుడు ఈ బాణం... కాదు, దానికి ముందు ఇది" అని వెతుక్కోవాల్సి వస్తుందో అక్కడ మాత్రమే అది నిలబడాలి. ఆ తర్వాత విషయం తెలియని ఒకరిని కూర్చోబెట్టి, డెబిట్ అయిన స్లైడ్ దగ్గర ఆపి, "ఇప్పుడు ఆ ₹500 ఎక్కడుంది?" అని అడగాలి. "దారిలో ఉంది" అన్నారంటే నాణెం ఇంకా ఎక్కడో ఎగురుతోందన్నమాట, బాణాల్లో ఏదో డబ్బులా కనిపిస్తోంది. "పంపినవాళ్ల ఖాతాలో తగ్గింది, అవతలి బ్యాంకుని ఇంకా అడగలేదు" అంటే ఆ స్లైడ్‌ని ఇక ముట్టుకోనక్కర్లేదు.